బ్యాంకుల నగదును రిజర్వ్ బ్యాంక్ పెంచేదెలా, పీల్చేదెలా

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కామర్స్ విద్యార్థులు ఎక్కువగా కనిపిస్తున్నారు. వెనక బ్యాంకు ఉద్యోగులు కూడా ఉన్నారు. నేను చాలా ఏళ్లు ఒక బ్యాంకు ట్రెజరీలో, అంటే బ్యాంకు సొంత నగదు, బాండ్లు చూసుకునే విభాగంలో పనిచేశాను. బ్రాంచిలో కూర్చున్నవాళ్లకు డిపాజిట్లు, లోన్లు కనిపిస్తాయి. ట్రెజరీలో కూర్చున్నవాళ్లకు పొద్దున్నే కనిపించేది ఒక్కటే అంకె: రిజర్వ్ బ్యాంకులో మన బ్యాంకు ఖాతాలో ఈరోజు ఎంత ఉంది? ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ అంకె గురించే.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. ప్రతి పెద్ద బ్యాంకుకూ రిజర్వ్ బ్యాంకులో ఒక కరెంట్ ఖాతా ఉంటుంది. మీరు గుంటూరు నుంచి కరీంనగర్‌లో ఉన్న ఒకాయనకు ఆర్‌టీజీఎస్‌లో పది లక్షలు పంపారనుకోండి. మీ బ్యాంకు ఖాతాలోంచి పది లక్షలు తీసి ఆయన బ్యాంకు ఖాతాలో రిజర్వ్ బ్యాంక్ వేస్తుంది. మీ బ్యాంకుకు తగ్గింది, ఆయన బ్యాంకుకు పెరిగింది. మొత్తం మారలేదు. ఇలా రోజుకు లక్షల కోట్లు అటూ ఇటూ తిరిగినా, అన్ని బ్యాంకుల ఖాతాలూ కలిపితే వచ్చే మొత్తం మాత్రం అంతే ఉంటుంది. బ్యాంకులు తమలో తాము ఎంత అప్పులిచ్చుకున్నా, ఎంత కొనుక్కున్నా, అమ్ముకున్నా ఆ మొత్తాన్ని ఒక్క రూపాయి కూడా పెంచలేవు, తగ్గించలేవు.

మరి ఆ మొత్తం ఎప్పుడు మారుతుంది? రిజర్వ్ బ్యాంకు పుస్తకంలో బ్యాంకుల ఖాతాల పక్కన ఇంకెవరి పద్దో మారినప్పుడే మారుతుంది. జనం పండక్కి ఏటీఎంల నుంచి నోట్లు తీసుకుంటే, రిజర్వ్ బ్యాంకు నోట్లు నిల్వ ఉండే కరెన్సీ చెస్ట్ నుంచి బ్యాంకు నోట్లు తెచ్చుకుంటుంది. అంతమేరకు దాని ఖాతాలో కోత పడుతుంది. డిసెంబరు 15న కంపెనీలు అడ్వాన్స్ ట్యాక్స్ కడితే ఆ డబ్బు బ్యాంకుల ఖాతాల్లోంచి రిజర్వ్ బ్యాంకులోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ ఖాతాకు వెళ్లిపోతుంది. మళ్లీ ఒకటో తారీఖున ప్రభుత్వం జీతాలు, పింఛన్లు ఇచ్చినప్పుడు వెనక్కి వస్తుంది. రూపాయి పడిపోకుండా రిజర్వ్ బ్యాంక్ డాలర్లు అమ్మితే, కొన్న బ్యాంకు రూపాయలు కట్టాలి కదా, అవి దాని ఖాతాలోంచే పోతాయి. డాలరు 85 రూపాయలున్నప్పుడు 100 కోట్ల డాలర్లు అమ్మితే 8,500 కోట్ల రూపాయలు బ్యాంకుల ఖాతాల్లోంచి మాయమవుతాయి.

నోట్లు, ప్రభుత్వ ఖాతా, డాలర్లు. ఈ మూడూ రిజర్వ్ బ్యాంకు నిర్ణయించి నగదు కోసం చేసేవి కావు. వాటి దారిన అవి నడుస్తుంటాయి. వాటివల్ల బ్యాంకుల నగదు ఎక్కువైతే పీల్చడానికి, తక్కువైతే నింపడానికి రిజర్వ్ బ్యాంకు చేతిలో ఉన్న పెద్ద సాధనాలు రెండు. ఒకటి బహిరంగ మార్కెట్ కార్యకలాపాలు, అంటే ఓఎంఓ. రెండోది నగదు నిల్వల నిష్పత్తి, అంటే సీఆర్‌ఆర్. పేపర్లలో ఈ రెంటినీ ఒకే వాక్యంలో రాసేస్తారు. "లక్ష కోట్లు విడుదల" అని హెడ్డింగ్ పెడతారు. కానీ ఇవి రెండూ లోపల పనిచేసే తీరు పూర్తిగా వేరు. ఆ తేడా తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఓఎంఓతో మొదలుపెడదాం. మన బ్యాంకు దగ్గర ప్రభుత్వ బాండ్లు ఉన్నాయి. బ్యాంకులకు నగదు అవసరమని రిజర్వ్ బ్యాంక్ భావిస్తే, ఫలానా తేదీన ఫలానా బాండ్లు 20,000 కోట్ల మేరకు కొంటాం అని ప్రకటిస్తుంది. ఆ రోజు ఉదయం ఈ-కుబేర్ అనే వాళ్ల కంప్యూటర్ వ్యవస్థలో బ్యాంకులు ఏ బాండు, ఎంత, ఏ ధరకు అమ్ముతామో నమోదు చేస్తాయి. మామూలుగా గంటసేపు సమయం ఇస్తారు, తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా. ఎవరు తక్కువ ధరకు ఇస్తామంటే వాళ్ల దగ్గర ముందు కొంటారు. ఎవరు ఏ ధర కోట్ చేశారో వాళ్లకు ఆ ధరే ఇస్తారు. ఫలితం ఆ రోజే వస్తుంది, బాండ్లు అప్పగించి డబ్బు తీసుకునేది మర్నాడు.

మన బ్యాంకు 500 కోట్ల ముఖ విలువ ఉన్న బాండ్లను వందకు 101 రూపాయల 25 పైసల ధరకు ఇచ్చిందనుకోండి. మర్నాడు మన ఖాతాలో 506 కోట్ల 25 లక్షలు పడతాయి. ఈ డబ్బు ఎవరి ఖాతాలోంచి వచ్చింది? ఎవరి ఖాతాలోంచీ రాలేదు. రిజర్వ్ బ్యాంక్ తన పుస్తకంలో ఆస్తుల వైపు బాండ్లు రాసుకుంది, అప్పుల వైపు మన ఖాతాలో అంతే మొత్తం రాసింది. అంతే. నిన్నటిదాకా వ్యవస్థలో లేని 506 కోట్లు ఇవాళ ఉన్నాయి. అదే రిజర్వ్ బ్యాంక్ బాండ్లు అమ్మితే ఇదంతా తిరగబడుతుంది. కొన్న బ్యాంకు ఖాతాలోంచి ఆ డబ్బు కొట్టేస్తారు, అది ఇంకెక్కడికీ వెళ్లదు, లేకుండా పోతుంది. మొత్తాన్ని పెంచేది, తగ్గించేది ఓఎంఓ.

సీఆర్‌ఆర్ అలా కాదు. అది మొత్తాన్ని ముట్టుకోదు. ఉన్న మొత్తంలో ఎంతభాగం కదపకూడదో చెబుతుంది. మన సేవింగ్స్ ఖాతాలో లక్ష రూపాయలుండి, బ్యాంకు అందులో నలభై వేల మీద లియన్ పెట్టిందనుకోండి. బ్యాలెన్స్ లక్షే కనిపిస్తుంది, వాడుకోగలిగేది అరవై వేలే. సీఆర్‌ఆర్ అచ్చంగా అదే పని చేస్తుంది. రిజర్వ్ బ్యాంక్ చట్టం 42వ సెక్షన్ కింద, బ్యాంకు తన డిపాజిట్లు, ఇతర బాధ్యతల నికర మొత్తంలో ఇంత శాతాన్ని రిజర్వ్ బ్యాంకు ఖాతాలో ఉంచాలి. బ్రాంచిల్లో, ఏటీఎంలలో ఉన్న నోట్లు ఈ లెక్కలోకి రావు. కొన్ని దేశాల్లో వస్తాయి, మన దగ్గర రావు. ఇంకో సంగతి, 2007 నుంచి ఈ నిల్వ మీద రిజర్వ్ బ్యాంక్ వడ్డీ ఇవ్వడం లేదు. పైసా రాదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది.

ట్రెజరీలో ఇది ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూపిస్తాను. నేను చెప్పబోయేది 14 రోజుల పక్షం నడిచిన రోజుల పద్ధతి. నికర బాధ్యతలు లక్ష కోట్లున్న బ్యాంకు, సీఆర్‌ఆర్ 4 శాతం. అంటే 4,000 కోట్లు ఉంచాలి. కానీ ప్రతి రోజూ సరిగ్గా 4,000 ఉండాలని లేదు. పక్షం మొత్తం మీద రోజువారీ సగటు 4,000 రావాలి, ఏ ఒక్క రోజూ అందులో 90 శాతానికి, అంటే 3,600 కోట్లకు తగ్గకూడదు. రోజువారీ నిల్వలన్నీ కూడితే పద్నాలుగు రోజులకు 56,000 రావాలన్నమాట.

ఇప్పుడు జాగ్రత్తపరుడైన ఒక డీలరు మొదటి పది రోజులూ 4,200 చొప్పున ఉంచాడు. 42,000 అయిపోయింది. మిగతా నాలుగు రోజులకు 14,000 చాలు, అంటే రోజుకు 3,500. కానీ 3,600 కంటే దిగకూడదు కదా. కాబట్టి 14,400 ఉంచక తప్పదు. 400 కోట్లు ఒక రోజు ఊరికే పడున్నట్టు. వడ్డీ ఆరున్నర శాతం అనుకుంటే ఏడు లక్షల రూపాయల నష్టం. చిన్నదే. ఇప్పుడు ధైర్యం ఎక్కువున్న ఇంకో డీలరును చూడండి. తర్వాత రేటు తగ్గుతుందని ఊహించి మొదటి పది రోజులూ 3,700 మాత్రమే ఉంచాడు. 37,000 అయింది. మిగిలిన 19,000 నాలుగు రోజుల్లో నింపాలి, అంటే రోజుకు 4,750. ఒక్కసారిగా 1,050 కోట్లు ఎక్కువ తేవాలి. అతనొక్కడే అలా చేస్తే పక్క బ్యాంకు దగ్గర దొరుకుతుంది. అందరూ అదే లెక్కలో ఉంటే? మొత్తం మారదని మొదట్లోనే చెప్పుకున్నాం. పక్షం చివర్లో కాల్ మనీ రేటు, అంటే బ్యాంకులు ఒకదానికొకటి ఒక రోజుకు ఇచ్చుకునే అప్పుల రేటు, ఎగిరేది ఇందుకే. 90 శాతం కూడా ఉంచలేకపోతే, తక్కువైన మొత్తం మీద బ్యాంక్ రేటుకు పైన 3 శాతం జరిమానా వడ్డీ, మర్నాడు కూడా అలాగే ఉంటే 5 శాతం. ఆ రోజుల్లో ట్రెజరీలో టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇప్పుడు నిజంగా జరిగిన సంగతికి వద్దాం. పీల్చడం అంటే ఏమిటో మన తరానికి బాగా తెలిసేలా చూపించింది 2016 నవంబరు.

నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. చలామణిలో ఉన్న నోట్ల విలువలో దాదాపు 86 శాతం అవే, 15 లక్షల కోట్లకు పైగా. క్యూల గురించి మీ అందరికీ తెలుసు, ఆ కష్టం ఎవరూ మర్చిపోలేదు. కౌంటరుకు అవతలి వైపు ఏం జరిగిందో చూద్దాం. జనం పాత నోట్లు బ్యాంకులో కట్టారు. బ్యాంకు వాటిని కరెన్సీ చెస్ట్‌లో జమ చేసింది. చెస్ట్‌లో జమైన వెంటనే రిజర్వ్ బ్యాంకులో ఆ బ్యాంకు ఖాతాకు అంత మొత్తం క్రెడిట్ అయింది. రిజర్వ్ బ్యాంకు పుస్తకంలో చలామణిలోని నోట్లు అనే పద్దు తగ్గింది, బ్యాంకుల డిపాజిట్లు అనే పద్దు పెరిగింది. కొత్త నోట్లు అంత వేగంగా రావడం లేదు, కాబట్టి బయటికి పోయే దారి లేదు. రోజుకు వేల కోట్ల చొప్పున బ్యాంకుల ఖాతాలు ఉబ్బిపోయాయి.

అంత డబ్బుతో బ్యాంకులు ఏం చేస్తాయి? రాత్రికి రాత్రి లోన్లు ఇవ్వలేవు. ఒకదానికొకటి అప్పివ్వాలన్నా అందరి దగ్గరా ఉంది, అడిగేవాడు లేడు. అలా వదిలేస్తే ఒక రోజు అప్పుల రేటు పాలసీ రేటును వదిలేసి కిందికి జారిపోతుంది. రిజర్వ్ బ్యాంక్ తాను బ్యాంకులకు స్వల్పకాలిక అప్పులిచ్చే రెపో రేటు 6.25 శాతం అని చెబుతుంటే మార్కెట్లో రేటు వేరేలా నడుస్తుంది. అందుకని మొదట మామూలు పద్ధతిలోనే పీల్చారు, రివర్స్ రెపో ద్వారా. బ్యాంకులు రిజర్వ్ బ్యాంకుకు డబ్బిస్తాయి, రిజర్వ్ బ్యాంక్ బదులుగా తన దగ్గరున్న ప్రభుత్వ బాండ్లను హామీగా ఇస్తుంది, వడ్డీ ఇస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. హామీగా ఇవ్వాలంటే రిజర్వ్ బ్యాంకు దగ్గర బాండ్లుండాలి కదా! వాళ్ల ఆస్తుల్లో ఎక్కువ భాగం విదేశీ మారక నిల్వలు. ప్రభుత్వ బాండ్లు కొంతే. ఆ కొంతలోంచే రోజురోజుకూ హామీ ఇస్తూ పోతే అవి అయిపోతాయి. ఓఎంఓ అమ్మకాలకూ అదే పరిమితి, లేని బాండును అమ్మలేం. పైగా ఒక్కసారిగా అన్ని బాండ్లు మార్కెట్లోకి వదిలితే ధరలు కుప్పకూలుతాయి. నింపడానికి రిజర్వ్ బ్యాంకుకు హద్దు లేదు, పుస్తకంలో రాస్తే చాలు. పీల్చడానికి మాత్రం బదులుగా ఇవ్వడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఈ అసమానత పాఠ్యపుస్తకాల్లో సరిగా కనిపించదు. 2016లో అందరూ కళ్లారా చూశారు.

అప్పుడు నవంబరు 26న రిజర్వ్ బ్యాంక్ బదులుగా ఏమీ ఇవ్వక్కర్లేని సాధనం తీసింది. సెప్టెంబరు 16కూ నవంబరు 11కూ మధ్య ప్రతి బ్యాంకుకూ నికర బాధ్యతలు ఎంత పెరిగాయో, ఆ పెరుగుదల మీద నూటికి నూరు శాతం అదనపు సీఆర్‌ఆర్. మామూలు 4 శాతం ఎలాగూ ఉంది, దాని మీద ఇది. లక్ష కోట్లున్న మన బ్యాంకుకు ఆ మధ్యలో 3,000 కోట్లు పెరిగాయనుకోండి. ఆ 3,000 మొత్తం వడ్డీ లేకుండా లాకైపోయింది. డిపాజిటర్లకు సేవింగ్స్ ఖాతా మీద అప్పట్లో 4 శాతం ఇవ్వాలి. రెండు వారాలకు లెక్కేస్తే 4 కోట్ల 60 లక్షలు బ్యాంకు జేబులోంచి పోయినట్టు. అదే డబ్బు 5.75 శాతం రివర్స్ రెపోలో పెట్టి ఉంటే 6 కోట్ల 60 లక్షలు వచ్చేవి, అవీ పోయినట్టే.

నాకు ఇందులో బాధ కలిగించింది నష్టం ఒక్కటే కాదు, అది పంచిన తీరు. లెక్క మొదలైంది సెప్టెంబరు 16 నుంచి, నోట్ల రద్దు జరిగింది నవంబరు 8న. బ్యాంకులు తొమ్మిదిన మూసి పదిన తెరిచాయి, లెక్క ముగిసింది పదకొండున. అంటే ఆ కొలతలో నోట్ల రద్దు తర్వాత డిపాజిట్లు తీసుకున్న రోజులు రెండే. అంతకుముందు ఏడెనిమిది వారాల్లో కష్టపడి డిపాజిట్లు తెచ్చుకున్న బ్యాంకు కూడా పాత నోట్లు పోగైన బ్యాంకుతో సమానంగా దెబ్బతింది. పదకొండు తర్వాత వచ్చిన వరద మీద ఈ అదనపు భారం లేదు. సీఆర్‌ఆర్ స్వభావమే అంత. డబ్బు ఎవరి దగ్గర ఎక్కువగా ఉందో అది చూడలేదు, ముందే గీసిన గీత ప్రకారం కోస్తుంది. వేలమైతే ఎవరి దగ్గర మిగులుందో వాళ్లే ముందుకొస్తారు.

రిజర్వ్ బ్యాంక్ దీన్ని తాత్కాలికమని ముందే చెప్పింది, అన్న మాట ప్రకారం డిసెంబరు 10తో మొదలయ్యే పక్షం నుంచి ఎత్తేసింది. ఆ వ్యవధిలో వేరే ఏర్పాటు చేసుకుంది. మార్కెట్ స్థిరీకరణ పథకం అని ఒకటుంది, ఎంఎస్ఎస్ అంటారు. కడప జిల్లావాడైన వై.వి.రెడ్డి గారు గవర్నరుగా ఉండగా 2004లో తెచ్చారు. అప్పట్లో విదేశాల నుంచి డాలర్లు వెల్లువలా వస్తుంటే, రిజర్వ్ బ్యాంక్ వాటిని కొన్నకొద్దీ రూపాయలు పెరిగిపోయేవి. పీల్చడానికి రిజర్వ్ బ్యాంకు దగ్గర బాండ్లు చాలవు కాబట్టి ప్రభుత్వమే ప్రత్యేకంగా బాండ్లు, బిల్లులు జారీ చేస్తుంది. వచ్చిన డబ్బు ప్రభుత్వం ఖర్చుపెట్టకూడదు, రిజర్వ్ బ్యాంకులో వేరే ఖాతాలో అలాగే ఉంచాలి. వడ్డీ మాత్రం బడ్జెట్ నుంచి కట్టాలి. 2016 డిసెంబరు 2న ఈ పథకం పరిమితిని 30,000 కోట్ల నుంచి ఒకేసారి 6 లక్షల కోట్లకు పెంచారు. దాంతో స్వల్పకాలిక బిల్లులు అమ్మి వరదను అందులోకి మళ్లించారు. భారం బ్యాంకుల నుంచి ప్రభుత్వ ఖజానాకు మారింది. బ్యాంకుల దగ్గర నగదు పీల్చినప్పుడు దాని ఖరీదు ఎవరో ఒకరు కట్టాల్సిందే. సీఆర్‌ఆర్ అయితే బ్యాంకులు, రివర్స్ రెపో అయితే రిజర్వ్ బ్యాంక్, ఎంఎస్ఎస్ అయితే ప్రభుత్వం.

ఆ అనుభవం తర్వాత 2018లో చట్టం మార్చారు. బాండ్లు హామీగా ఇవ్వకుండానే బ్యాంకుల నుంచి డబ్బు తీసుకుని వడ్డీ ఇచ్చే వీలు కల్పించారు. 2022 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది, ఎస్‌డీఎఫ్ అంటారు. బాండ్లు అయిపోతాయన్న భయం ఇప్పుడు లేదు. అయినా 2023లో 2000 నోట్లను వెనక్కి తీసుకున్నప్పుడు మళ్లీ అదనపు సీఆర్‌ఆర్ పెట్టారు. ఈసారి పెరుగుదల మీద 10 శాతమే, ఆగస్టులో పెట్టి అక్టోబరుకల్లా విడతలుగా ఎత్తేశారు.

ఇప్పుడు నింపడం. దీనికి 2024 చివర, 2025 మొదటి నెలలు చక్కటి ఉదాహరణ, ఎందుకంటే రెండు సాధనాలూ ఒకదాని తర్వాత ఒకటి వాడారు.

ఆ శీతాకాలంలో రూపాయి మీద ఒత్తిడి ఉంది. సెప్టెంబరు చివర 70,000 కోట్ల డాలర్లు దాటిన విదేశీ మారక నిల్వలు జనవరి మూడో వారానికి 62,400 కోట్ల డాలర్ల దగ్గరికి దిగాయి. అందులో కొంత ఇతర కరెన్సీల విలువ తగ్గడం వల్ల వచ్చిన తేడా, మిగతాది డాలర్ల అమ్మకం. డాలరు అమ్మిన ప్రతిసారీ బ్యాంకుల రూపాయలు పోతాయని చెప్పాను. దానికి డిసెంబరు ట్యాక్సులు తోడయ్యాయి.

ఇది ముందే కనిపించడంతో డిసెంబరు 6న రిజర్వ్ బ్యాంక్ సీఆర్‌ఆర్‌ను 4.5 నుంచి 4 శాతానికి తగ్గించింది. డిసెంబరు 14న పావు శాతం, 28న పావు శాతం. దీనివల్ల 1.16 లక్షల కోట్లు విడుదలవుతాయన్నారు. అంకె సరైందో కాదో మీరే చూసుకోవచ్చు. అర శాతం 1.16 అయితే వంద శాతం 232 లక్షల కోట్లు. అప్పట్లో బ్యాంకుల నికర బాధ్యతలు అదే స్థాయిలో ఉన్నాయి.

ఈ 1.16 లక్షల కోట్లు కొత్త డబ్బు కాదు. రిజర్వ్ బ్యాంకులో ముందునుంచీ ఉన్నదే, లియన్ ఎత్తేశారంతే. అప్పటికే రిజర్వ్ బ్యాంకు దగ్గర రెపోలో అప్పు తెచ్చుకుని రోజులు గడుపుతున్న బ్యాంకు, విడుదలైన డబ్బుతో ముందుగా ఆ అప్పు తీరుస్తుంది. అప్పు తీరిస్తే రిజర్వ్ బ్యాంకు పుస్తకంలో బ్యాంకుల డిపాజిట్లు తగ్గుతాయి, బ్యాంకులకిచ్చిన అప్పులూ తగ్గుతాయి. అంటే నగదు "విడుదల" చేసిన వారాల్లో బ్యాంకుల నిల్వల మొత్తం చూస్తే పెరిగినట్టు కాక తగ్గినట్టు కనిపించవచ్చు. అది చూసి కంగారుపడనక్కర్లేదు. ఉండాల్సిన నిల్వ తగ్గింది కాబట్టి ఉన్న నిల్వ తగ్గినా ఊపిరి ఆడుతుంది.

అయితే అది చాలలేదు. డాలర్ల అమ్మకం ఆగలేదు, ట్యాక్సులు ఆగలేదు. జనవరి నాలుగో వారానికి లోటు 3 లక్షల కోట్ల దాకా వెళ్లింది. లియన్ ఎత్తేయడం ఒక హద్దు దాకానే పనిచేస్తుంది. పుస్తకంలో మొత్తమే రోజురోజుకూ తరిగిపోతుంటే మొత్తాన్ని పెంచే పని చేయాలి. జనవరి 27న రిజర్వ్ బ్యాంక్ మూడు ప్రకటించింది. మూడు విడతల్లో 60,000 కోట్ల బాండ్ల కొనుగోలు, 56 రోజులకు 50,000 కోట్ల రెపో, ఇక 500 కోట్ల డాలర్ల స్వాప్. స్వాప్ అంటే ఇప్పుడు డాలర్లు తీసుకుని రూపాయలిచ్చి, ఆరు నెలల తర్వాత డాలర్లు తిరిగి ఇచ్చేయడం. బాండ్ల మొదటి వేలం జనవరి 30న 20,000 కోట్లకు జరిగింది. తర్వాతి వేలాల మొత్తాన్ని పెంచారు. మార్చిలో, ఏప్రిల్‌లో, మే నెలలో మళ్లీ మళ్లీ కొన్నారు. మార్చి చివరికి లోటు పోయి మిగులు మొదలైంది.

బాండ్ల కొనుగోలుతో వచ్చే డబ్బు అందరికీ సమానంగా చేరదు, ఇది కూడా చెప్పాలి. చట్టప్రకారం ఉంచాల్సిన 18 శాతం కంటే ఎక్కువ బాండ్లు ఉన్న బ్యాంకే ధైర్యంగా అమ్మగలదు. నిజంగా నగదుకు కటకటలాడే బ్యాంకుకు ఒక్కోసారి అమ్మడానికి బాండ్లే ఉండవు. అమ్మిన బ్యాంకు దాన్ని కాల్ మార్కెట్లో అప్పిస్తేనే ఇవతలి బ్యాంకుకు అందుతుంది. ఆ శీతాకాలంలో అదే సరిగా జరగలేదు. ఒకవైపు కొన్ని బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గర అప్పు తీసుకుంటుంటే, అదే రోజు ఇంకొన్ని బ్యాంకులు తమ మిగులును తక్కువ వడ్డీకైనా ఎస్‌డీఎఫ్‌లోనే పెట్టుకున్నాయి, పక్క బ్యాంకుకు ఇవ్వలేదు. ఫిబ్రవరి పాలసీ ప్రకటనలో గవర్నర్ మల్హోత్రా గారు ఈ ధోరణిని ప్రస్తావించి, బ్యాంకులు తమలో తాము అప్పిచ్చుకోవాలని కోరారు. సీఆర్‌ఆర్ తగ్గింపులో ఈ చిక్కు లేదు. ప్రతి బ్యాంకుకూ దాని డిపాజిట్ల నిష్పత్తిలో అదే రోజు అందుతుంది. బహుశా అందుకే 2025 జూన్‌లో మళ్లీ సీఆర్‌ఆర్ వైపే వెళ్లి ఒక శాతం తగ్గించారు, 3 శాతానికి. సెప్టెంబరు 6 నుంచి నవంబరు 29 దాకా నాలుగు విడతల్లో. 2.5 లక్షల కోట్లు. పండగల నోట్ల గిరాకీ, ట్యాక్సులు కలిసొచ్చే నెలల మీద దాన్ని పరిచారు.

లోటుందో మిగులుందో బయటివాళ్లకు ఎలా తెలుస్తుందని ఒక మిత్రుడు చీటీ పంపారు. రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్లో ప్రతి పనిదినం మనీ మార్కెట్ ఆపరేషన్స్ అనే ఒక ప్రకటన వస్తుంది. అందులో రెండు అంకెలు చూడండి. ఒకటి కాల్ మనీ సగటు రేటు. అది రెపో రేటుకు పైన నడుస్తుంటే నగదు కొరత, కింద నడుస్తుంటే మిగులు. రెండోది రిజర్వ్ బ్యాంక్ నికరంగా ఇచ్చిందా, తీసుకుందా అన్న అంకె. అందులో ప్లస్ ఉంటే బ్యాంకులు రిజర్వ్ బ్యాంకుకు బాకీ ఉన్నాయని, మైనస్ ఉంటే బ్యాంకుల డబ్బే అక్కడ పడి ఉందని. ప్లస్ అంటే మంచిదనుకుని చాలామంది పొరబడతారు.

ఇంకో ప్రశ్న, వెనక నుంచి ఒక అమ్మాయి అడిగింది: "సీఆర్‌ఆర్ తగ్గితే మా నాన్నగారి హోమ్ లోన్ ఈఎంఐ తగ్గుతుందా సార్?" మంచి ప్రశ్న, అమ్మా. మీ నాన్నగారి లోన్ 2019 అక్టోబరు తర్వాత ఫ్లోటింగ్ రేటులో తీసుకున్నదైతే దాదాపుగా రెపో రేటుకు ముడిపడి ఉంటుంది. రెపో తగ్గితే తగ్గుతుంది, ఉత్త సీఆర్‌ఆర్ తగ్గితే తగ్గదు. బ్యాంకు తనకయ్యే నిధుల ఖర్చును బట్టి రేటు వేసే పాత ఎంసీఎల్ఆర్ లోన్ అయితే సీఆర్‌ఆర్ లెక్కలోకి వస్తుంది. ఎంతో చూడు. బ్యాంకు 100 రూపాయల డిపాజిట్ మీద ఆరున్నర రూపాయలు ఇస్తుందనుకో. సీఆర్‌ఆర్ 4 అయితే అప్పివ్వగలిగేది 96 రూపాయలు, ఆ ఆరున్నర రూపాయలూ 96 మీదే రాబట్టాలి, అంటే 6.77 శాతం పడుతుంది. 3 అయితే 97 మీద రాబట్టాలి, 6.70 పడుతుంది. తేడా నూటికి ఏడు పైసలు. ఇరవై ఐదు లక్షల లోన్ మీద అదంతా మీకే ఇచ్చేశారనుకున్నా, ఏడాదికి 1,750 రూపాయలు.